పది శాతం డిస్కౌంట్ బోర్డు పెడితే ఎన్ని మందులు ఎక్కువ అమ్మాలి? మార్జిన్ శాతంలో ఉన్నప్పుడు బ్రేక్ ఈవెన్ లెక్క

మెడికల్ షాపుల ముందు "10% తగ్గింపు", "20% తగ్గింపు" బోర్డులు చూస్తూనే ఉన్నాం. ఒకే వీధిలో నాలుగు షాపులుంటే నాలుగింటికీ ఉంటాయి. కొనేవాళ్లకి వచ్చే సందేహం ఒకటే, ఇంత తగ్గించి వీళ్లకి ఏం మిగులుతుంది అని. షాపు పెడదామనుకునేవాళ్ల సందేహం వేరు: నెలకి ఎంత అమ్మితే ఖర్చులు వెళ్లిపోతాయి, బోర్డు పెడితే ఆ అంకె ఎంతకి పోతుంది? రెండిటికీ జవాబు ఒకే చిన్న లెక్కలో ఉంది. దాన్ని మెడికల్ షాపు మీద చూపించడానికి కారణం కూడా ఉంది. ఈ వ్యాపారంలో అమ్మకం ధర షాపువాడి చేతిలో ఉండదు, డబ్బా మీద అచ్చయి వస్తుంది. అతనికి మిగిలేది ఆ ధరలో ఇంత శాతం అని ముందే తేలిపోయి ఉంటుంది.

రూపాయికి ఇరవై పైసలు

ముందు పన్ను పక్కన పెట్టేద్దాం. ఎమ్మార్పీలో జీఎస్టీ కలిసే ఉంటుంది, అది ప్రభుత్వానిది, మన గల్లాపెట్టెలోకి వచ్చి వెళ్లిపోయేదే. ఇప్పుడు ఎక్కువ మందుల మీద 5 శాతం కాబట్టి, 105 రూపాయల ఎమ్మార్పీ ఉన్న మాత్రల షీటులో మన అమ్మకం 100 రూపాయలు. దాన్ని షాపులకి టోకున సరఫరా చేసే స్టాకిస్టు దగ్గర, పన్ను కాకుండా, 80కి కొన్నాం. ధరల నియంత్రణ లేని మందులకి వ్యాపారంలో మామూలుగా నడిచే పద్ధతి ఇదే, రిటైలర్‌కి 20 శాతం.

ఆ మిగిలిన 20 రూపాయల్ని లాభం అనేస్తారు చాలామంది. అది లాభం కాదు, ఇంకా అద్దె కట్టలేదు. అమ్మిన సరుకు ఖరీదు పోగా, మిగతా ఖర్చులు తీర్చడానికి ఆ షీటు తెచ్చిన వాటా అది. అకౌంటింగ్‌లో దాన్నే కాంట్రిబ్యూషన్ అంటారు. అమ్మకంలో అది ఎంత శాతమో చెబితే కాంట్రిబ్యూషన్ మార్జిన్, ఇక్కడ 20 శాతం. అంటే అమ్మిన ప్రతి రూపాయిలో 80 పైసలు స్టాకిస్టుకి పోతాయి, 20 పైసలు షాపు ఖర్చుల డబ్బాలో పడతాయి. ఆ డబ్బా నెల ఖర్చులకి సరిగ్గా నిండిన చోటే బ్రేక్ ఈవెన్. అంతకు ముందు వరకు నష్టం, ఆ తర్వాత వచ్చే ప్రతి ఇరవై పైసలూ అసలైన లాభం.

తెనాలిలాంటి ఊళ్లో ఒక చిన్న షాపు అనుకుందాం (అంకెలు నేను వేసుకున్నవే). అద్దె 18,000, ఫార్మసిస్టు జీతం 20,000, కౌంటర్ దగ్గర కుర్రాడికి 12,000, కరెంటు 5,000 (ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్ రాత్రింబవళ్లు నడవాల్సిందే), బిల్లింగ్ సాఫ్ట్‌వేరు, ఫోను, అకౌంటెంటు ఫీజు లాంటివన్నీ కలిపి 5,000. మొత్తం 60,000. రోజుకి ఒక్క షీటు అమ్మినా ఇదే, వెయ్యి షీట్లు అమ్మినా ఇదే, అందుకే వీటిని స్థిర ఖర్చులు అంటాం.

```
బ్రేక్ ఈవెన్ అమ్మకం = స్థిర ఖర్చులు ÷ కాంట్రిబ్యూషన్ మార్జిన్
                    = 60,000 ÷ 0.20
                    = 3,00,000
```

నెలకి మూడు లక్షలు, నెలంతా షాపు తెరిస్తే రోజుకి పదివేలు. సరిచూసుకోవడం కూడా తేలికే. మూడు లక్షల సరుకు ఖరీదు 2,40,000, మిగిలింది 60,000, ఖర్చులకి సరిపోయింది.

ఈ లెక్కలో ధర ఎక్కడికి పోయింది?

పాఠ్యపుస్తకంలో బ్రేక్ ఈవెన్ చదివినవాళ్లకి ఇక్కడ ఒక అనుమానం రావాలి. అక్కడ ధర కావాలి, ఒక్కో వస్తువు మీద ఖర్చు కావాలి, అవి రెండూ ఉంటేనే ఎన్ని వస్తువులు అమ్మాలో తేలుతుంది. ఇక్కడ షీటు పది రూపాయలో వెయ్యి రూపాయలో అడగనే లేదు, అయినా జవాబు వచ్చేసింది!

మార్జిన్ ధరలో శాతంగా ఉన్నప్పుడు జరిగేదే ఇది. ధర పెరిగితే కొనే ఖరీదూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది, రూపాయికి మిగిలే పైసలు మాత్రం మారవు. కాబట్టి రూపాయల్లో బ్రేక్ ఈవెన్ ధరతో సంబంధం లేకుండా ఉంటుంది. ఎన్ని షీట్లు, ఎన్ని బిల్లులు అన్నది మాత్రం ధరని బట్టి మారుతుంది. సగటు బిల్లు 150 అయితే మూడు లక్షలకి 2,000 బిల్లులు కొట్టాలి. ఆసుపత్రి పక్కన షాపు, సగటు బిల్లు 300 అయితే 1,000 చాలు. ఆసుపత్రి పక్కన అద్దె ఎక్కువ ఉండటం వేరే సంగతి.

2023 ఏప్రిల్‌లో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. ధరల నియంత్రణలో ఉన్న అత్యవసర మందుల గరిష్ఠ ధరల్ని ఏటా టోకు ధరల సూచీని బట్టి సవరిస్తారు, ఆ ఏడాది సవరణ 12.12 శాతం. గరిష్ఠ ధర మొత్తం అంత పెరిగిందే అనుకుంటే, ఆ మందుల్లో అంతకు ముందు 100 షీట్లు అమ్మి సంపాదించిన మార్జిన్ ఆ తర్వాత 89 లేదా 90 షీట్లకే వచ్చేస్తుంది. రూపాయల్లో అమ్మకం లక్ష్యం మాత్రం ఉన్నచోటే ఉంది. ధర తగ్గిస్తే ఇదే తిరగబడుతుంది, శాతం మారకపోయినా షీటుకి మిగిలే రూపాయలు తగ్గి, ఎక్కువ షీట్లు అమ్మాల్సి వస్తుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు మాత్రం ఇలా జరగలేదు. తగ్గింది పన్ను, పన్ను కాకుండా ఉన్న ధర కాదు. మన షాపు బ్రేక్ ఈవెన్ మూడు లక్షలే. గల్లాపెట్టె మాత్రం చిన్నదైనట్టు కనిపిస్తుంది, అదే సరుకుకి ఇదివరకు 3,36,000 వచ్చేది, ఇప్పుడు 3,15,000. రోజువారీ కలెక్షన్ చూసుకుని బతికేవాళ్లకి ఇది వ్యాపారం తగ్గినట్టే అనిపిస్తుంది. సరుకు తగ్గలేదు, మార్జిన్ తగ్గలేదు. పన్నుతో కలిపి లెక్క వేసుకోకూడదు అనేది ఇందుకే.

శాతం, కానీ దేని మీద?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, అందుకే కాస్త ఆగుదాం. 80కి కొని 100కి అమ్మాం. మిగిలిన 20ని కొన్న ధరతో పోలిస్తే 25 శాతం, అమ్మిన ధరతో పోలిస్తే 20 శాతం. మాటల్లో రెండూ "మార్జినే". అయితే మన సూత్రానికి పనికొచ్చేది అమ్మకం మీద శాతం ఒక్కటే, ఎందుకంటే మనం కనుక్కుంటున్నది అమ్మకాన్ని. పొరపాటున 25 పెట్టి భాగిస్తే 2,40,000 వస్తుంది. ఆ అంకె నమ్ముకుని 2,40,000 దగ్గర "హమ్మయ్య" అనుకుంటే, నిజానికి చేతికొచ్చింది 48,000, నెలకి 12,000 జేబులోంచి పోతోంది.

సాక్షాత్తూ ప్రభుత్వ ఉత్తర్వులోనే ఇలాంటి శాతం ఉంది. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, షెడ్యూల్‌లో ఉన్న, అంటే ధరల నియంత్రణ కిందికి వచ్చే, మందుల గరిష్ఠ ధర కట్టేటప్పుడు రిటైలర్‌కి 16 శాతం ఇస్తారు. ఆ 16 దేని మీద? రిటైలర్ కొనే ధర మీద. అంటే 100కి కొన్నది పన్ను కాకుండా 116కి అమ్ముతాడు. అమ్మకం మీద అది 16 ÷ 116, సుమారు 13.8 శాతం. పూర్తిగా ఇవే మందులు అమ్మే షాపు ఉందనుకుంటే (ఉండదు, లెక్క కోసం), దాని బ్రేక్ ఈవెన్ 16 శాతంతో వేస్తే 3,75,000, సరిగ్గా వేస్తే 4,35,000. అరవై వేల తేడా.

మార్చుకోవడానికి ఒకటే గుర్తుంచుకుంటే చాలు. కొన్న ధర మీద శాతాన్ని, నూరుకి ఆ శాతం కలిపిన అంకెతో భాగించాలి. 25 ÷ 125, 16 ÷ 116, అలాగ.

బోర్డు పెట్టిన రోజు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎమ్మార్పీ మీద 10 శాతం తగ్గించాం. 105 రూపాయల షీటుకి 94.50 తీసుకున్నాం, బిల్లులోనే తగ్గింపు చూపిస్తే అందులో పన్ను 4.50, మనకి 90. కొన్నది 80కే, అది తగ్గలేదు. మిగిలింది 10.

ధర పది శాతం తగ్గితే మార్జిన్ కూడా ఏ పది శాతమో తగ్గుతుందని మనసు చెబుతుంది. తగ్గింపు మొత్తం మన వాటాలోంచే పోయింది, స్టాకిస్టు వాటాలోంచి పైసా పోలేదు. షీటుకి 20 వచ్చే చోట 10 వస్తోంది, సగానికి సగం. కాబట్టి అదే 60,000 రాబట్టడానికి రెట్టింపు షీట్లు అమ్మాలి.

సూత్రంలో పెట్టినా ఇదే వస్తుంది, కాకపోతే ఇంకో చిన్న చిక్కు ఉంది. కొత్త మార్జిన్ 90లో 10, అంటే 11.11 శాతం, పది కాదు. 60,000ని దానితో భాగిస్తే 5,40,000. గల్లాపెట్టెలో పడాల్సింది 1.8 రెట్లు, అరల్లోంచి కదలాల్సిన సరుకు మాత్రం పాత ధరలో 6,00,000, అంటే రెండు రెట్లు. రూపాయల్లో చూసేవాళ్లు "ఎనభై శాతం పెరిగితే చాలు" అంటారు, సరుకు మోసేవాళ్లకి తెలుస్తుంది రెట్టింపని.

తగ్గింపు పెరిగేకొద్దీ ఇది ఎలా పోతుందో చూడండి. తగ్గింపు లేకపోతే మూడు లక్షల సరుకు కదలాలి. 5 శాతానికి నాలుగు లక్షలు, 10కి ఆరు, 15కి పన్నెండు. 20కి? ఏ అంకే లేదు. షీటుకి మిగిలేది సున్నా, ఎంత అమ్మినా అద్దె అలాగే ఉంటుంది. మొదటి ఐదు శాతానికి లక్ష సరుకు ఎక్కువ అమ్మితే సరిపోయింది, మూడో ఐదు శాతానికి ఆరు లక్షలు ఎక్కువ కావాలి. వీధిలో ఒకడు పది పెట్టాడని పక్కవాడు పన్నెండు పెట్టి, వాడిని చూసి ఇంకొకడు పదిహేను పెట్టే పోటీలో జరిగేది ఇదే.

ఆరు లక్షలు అన్నది కూడా పూర్తి నిజం కాదు. రెట్టింపు బిల్లులు ఒక కుర్రాడితో కావు, సాయంత్రం డాక్టర్లు చూసే వేళ కౌంటర్ ముందు జనం నిలబడిపోతారు. ఇంకో మనిషిని 12,000కి పెడితే స్థిర ఖర్చులు 72,000, ఇప్పుడు పాత ధరలో 7,20,000 సరుకు కదలాలి. స్థిర ఖర్చులు స్థిరంగా ఉండేది ఒక హద్దు వరకే, ఆ హద్దు దాటించేది మళ్లీ మనం పెట్టిన బోర్డే.

మరి 20 శాతం బోర్డులు ఎలా నడుస్తున్నాయి?

నడుస్తున్నాయి కదా, అంటే లెక్క తప్పా? కాదు, వాళ్ల షాపులో ఒకే మార్జిన్ లేదు. బ్రాండు పెద్దగా తెలియని జనరిక్ మందుల్లో రిటైలర్‌కి మిగిలేది 20 శాతం కంటే చాలా ఎక్కువ ఉంటుంది. సర్జికల్ సరుకులో కూడా అంతే. పది కొంటే ఒకటి ఉచితం లాంటి స్కీములు, రొక్కం కడితే స్టాకిస్టు ఇచ్చే తగ్గింపు ఇంకొంత కలుస్తాయి. పెద్ద చెయిన్ షాపులు కంపెనీ దగ్గర నేరుగా కొంటే స్టాకిస్టు వాటా కూడా వాళ్లకే మిగులుతుంది. కొన్నిచోట్ల బోర్డు పక్కన చిన్న అక్షరాల్లో షరతు ఉంటుంది, ఇంత మొత్తం దాటిన బిల్లుకే అని.

అందుకే "మార్జిన్ ఇంత శాతం" అన్నది నిజ జీవితంలో ఒక సగటు. ఆ సగటు తీయడంలో మెలకువ ఉంది. మన షాపు అమ్మకంలో ప్రతి వంద రూపాయలకి 20 నియంత్రణలో ఉన్న మందులు (13.8 శాతం), 65 మామూలు బ్రాండ్లు (20 శాతం), 15 జనరిక్, సర్జికల్ (40 శాతం అనుకుందాం). వచ్చేది 2.76 + 13 + 6, మొత్తం 21.76. మూడు శాతాల్నీ కలిపి మూడుతో భాగిస్తే 24.6 వస్తుంది, అది తప్పు. ఎక్కువ మార్జిన్ ఉన్న సరుకు అమ్మకంలో కొంచెమే ఉంది మరి. సరైన సగటుతో బ్రేక్ ఈవెన్ 2,75,735, తప్పుడు సగటుతో 2,43,902.

డిస్కౌంట్ మీద షాపులవాళ్లలో రెండు వాదనలు వింటాం, రెండిటిలోనూ పస ఉంది. బోర్డు పెట్టేవాళ్లు అనేది ఏమిటంటే, బీపీ, షుగర్ మందులు నెల నెలా కొనే ఇల్లు ఒకసారి అలవాటు పడితే వదలదు, దగ్గు మందు, పిల్లల డైపర్లు అన్నీ ఇక్కడే కొంటుంది. పైగా ఖర్చులు ఎలాగూ తేలిపోయిన షాపుకి, ఆ తర్వాత అమ్మే ప్రతి షీటు మీద పది రూపాయలు వచ్చినా లాభమే. వద్దనేవాళ్లు అనేది, ఆ తగ్గింపు కొత్తగా వచ్చిన వాళ్లకి మాత్రమే ఇవ్వలేం, ఎప్పట్నుంచో నిండు ధరకి కొంటున్న వాళ్లకీ ఇవ్వాలి, అక్కడే పోతుంది. జ్వరం లేనివాడు తగ్గింపు ఉందని పారాసిటమాల్ కొనడు కదా, ఊళ్లో మొత్తం మందుల గిరాకీ పెరగదు, పక్క షాపు నుంచి రావాల్సిందే. నాకైతే ఒక్క షాపే ఉన్న కాలనీలో రెండో వాదన, పది షాపుల వరసలో కొత్తగా తెరిచిన వాడికి మొదటిది ఎక్కువ సబబుగా కనిపిస్తాయి.

ఇంకో వాదన స్థిర ఖర్చుల మీద. యజమానే ఫార్మసిస్టు అయితే ఆ 20,000 జీతం లెక్కలో వెయ్యాలా? చాలామంది వెయ్యరు, అప్పుడు బ్రేక్ ఈవెన్ రెండు లక్షలే. అకౌంటెంట్లు వెయ్యమంటారు, అదే మనిషి ఇంకో షాపులో కూర్చుంటే ఆ జీతం వచ్చేది కాబట్టి. రెండు లక్షలు చెప్పేది షాపు ఎక్కడి దాకా మూతపడకుండా నడుస్తుందని, మూడు లక్షలు చెప్పేది ఎక్కడి నుంచి అది ఉద్యోగం కంటే మేలని. ఏ ప్రశ్న అడుగుతున్నారో దాన్ని బట్టి ఖర్చు వేసుకోవాలి.

పుస్తకంలో ఇరవై, చేతికి ఎంత?

స్టాకిస్టు బిల్లు మీద ఉండే శాతం కాగితం మీది శాతం. నిజంగా మిగిలే శాతం షాపు లెక్కల్లోంచే తియ్యాలి. మూడు నెలలకి ఒకసారి సరుకు లెక్కపెట్టే అలవాటుంటే ఇది పెద్ద పని కాదు. పన్ను కాకుండా, మూడు నెలల మొదట అరల్లో ఉన్న సరుకు 5,00,000, కొన్నది 7,70,000, చివర్లో మిగిలింది 5,10,000. అంటే పోయిన సరుకు ఖరీదు 7,60,000. అదే కాలంలో అమ్మకం 9,30,000. మిగిలింది 1,70,000, అమ్మకంలో 18.28 శాతం. (చివరి సరుకు లెక్కలో గడువు తీరి, కంపెనీ వెనక్కి తీసుకోని మందుల్ని కలపకూడదు. కలిపితే శాతం అందంగా కనిపిస్తుంది, అంతే.)

ఈ షాపు సగటున నెలకి 3,10,000 అమ్మింది. ఇరవై శాతం లెక్కన మూడు లక్షలు దాటాం, లాభంలో ఉన్నాం అనుకుంటారు. 18.28తో భాగిస్తే బ్రేక్ ఈవెన్ సుమారు 3,28,000, నెలకి మూడు వేల చిల్లర నష్టం. నష్టం చిన్నదే, అందుకే ఏడాది దాకా బయటపడదు. స్టాకిస్టు అప్పు కాస్త కాస్తగా పెరుగుతూ ఉంటుంది, అంతే కనిపించేది.

ఇరవై శాతం అయితే 1,86,000 మిగలాలి, 1,70,000 మిగిలింది. ఆ 16,000 ఎక్కడికి పోయిందో వెతకాల్సిన చోట్లు కొన్నే. గడువు తీరిన డబ్బాలు మొదటిది. 96 బిల్లుకి "తొంభై ఇవ్వండి అన్నా" అని చిల్లర వదిలేయడం రెండోది, బోర్డు లేని షాపులో కూడా ఇది జరుగుతుంది. పది మాత్రల షీటులో నాలుగు కత్తిరించి ఇచ్చాక అమ్ముడుపోని ఆరు, ఇంట్లోవాళ్లకి, చుట్టాలకి బిల్లు లేకుండా వెళ్లిన మందులు, స్టాకిస్టుకి వెనక్కి పంపినా, ఆ ఖరీదు మనకి జమ చేసినట్టు చూపే క్రెడిట్ నోట్ ఇంకా రాని సరుకు. వీటిలో క్రెడిట్ నోట్ ఒక్కటే తిరిగొచ్చే డబ్బు, కాబట్టి ముందు ఆ ఫైలు తీసి చూసి, రావాల్సింది పక్కన రాసుకుని, మిగతా తేడాతోనే శాతం మళ్లీ వేసుకోవాలి.